హాస్టల్‌కు వెళ్లే ఉత్తరంలో ఏం రాయాలి?

నీట్‌కు చదివే పిల్లలుండే రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో చాలాచోట్ల సెల్‌ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వరు. ఆదివారం వరుసలో నిలబడితే వార్డెన్ ఫోన్ నుంచి ఐదు నిమిషాలో పది నిమిషాలో మాట్లాడనిస్తారు. వెనక ఇంకో నలుగురు తమ వంతు కోసం చూస్తుంటారు. ఆ కాస్త సమయంలో ఇంటివాళ్లు అడిగేది దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. తిన్నావా, టెస్ట్ ఎలా రాశావు, ఎంతొచ్చింది? పిల్లలు చెప్పే జవాబు కూడా ఒకటే. బాగానే ఉన్నా, పర్లేదు, ఉంటా మరి.

అందుకే ఈమధ్య కొందరు తల్లిదండ్రులు మళ్లీ ఉత్తరాలు రాస్తున్నారు. పోస్టులో వేసేవాళ్లు తక్కువ. అవుటింగ్ రోజు పచ్చడి సీసాలతో పాటు చేతికిచ్చి వస్తారు. ఇది మంచి పని. ఫోన్‌లో విన్న మాట ఆ పూటే చెదిరిపోతుంది. కాగితం మీద ఉన్న మాటను స్టడీ అవర్ అయ్యాక రాత్రి పదకొండింటికి మంచం మీద కూర్చుని మళ్లీ చదువుకోవచ్చు, వారం తర్వాత ఇంకోసారి చదువుకోవచ్చు. అయితే గుచ్చుకునే వాక్యం ఒక్కటున్నా దాన్ని కూడా అన్నిసార్లూ చదువుతారు. ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పినవాణ్ని కనుక, పుస్తకాల్లో మడతపెట్టి దాచుకున్న ఇలాంటి ఉత్తరాలు నా కంట పడుతూనే ఉండేవి. వాటిలో ప్రేమ లేని ఉత్తరం ఒక్కటీ లేదు. బరువు పెట్టని ఉత్తరాలు మాత్రం చాలా తక్కువ.

ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో ఎరువుల దుకాణం నడిపే నా పాత శిష్యుడొకాయన కూతురు విజయవాడ దగ్గర లాంగ్‌టర్మ్ చేస్తోంది. మొదటిసారి సీటు రాక, రెండోసారి రాస్తోంది. ఆ అమ్మాయికి గ్రాండ్ టెస్ట్‌లో మార్కులు తగ్గాయని తెలిసి ఆయన ఓ ఉత్తరం రాసుకుని, "ఒకసారి చూడండి మాస్టారూ, ధైర్యం వచ్చేట్టు ఉందా లేదా" అని తెచ్చారు. ఆయన అనుమతితో, ఆనవాళ్లు తెలియకుండా, ఆ చిత్తుప్రతిని ఇక్కడ పెడుతున్నాను. మనలో చాలామంది రాసేది సరిగ్గా ఇలాగే ఉంటుంది.

"చి. అమ్మలుకు నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న మెసేజ్‌లో నీ మార్కులు చూశాం. పోయిన టెస్ట్‌లో 540 వచ్చాయి, ఇప్పుడు 500కి పడిపోయాయి. ఎందుకో మాకు అర్థం కావడం లేదు. నువ్వు తెలివైనదానివి, కష్టపడితే సీటు తప్పకుండా వస్తుంది. డబ్బు సంగతి నువ్వేమీ ఆలోచించకు, పొలం మీద తెచ్చింది మెల్లగా తీర్చుకుంటాం. పెదనాన్న వాళ్ల అన్నయ్యకు అప్పట్లో 610 వచ్చాయి, నీకు అంతకన్నా ఎక్కువే రావాలి. అమ్మ రోజూ గుళ్లో నీ పేరున దీపం పెడుతోంది. మా ఆశలన్నీ నీ మీదే. ఒత్తిడి మాత్రం పెట్టుకోకు."

ఇందులో ఒక్క మాటా కోపంతో రాసింది కాదు. ఆయన ఇది రాస్తున్నప్పుడు కళ్లు చెమ్మగిల్లే ఉంటాయి. కానీ ఈ ఉత్తరాన్ని అమ్మలు చదివే చోట కూర్చుని చదవాలి.

ముందు ఆ 540, 500 సంగతి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90 ప్రశ్నలు. ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది, వదిలేస్తే సున్నా. అంటే ఒప్పు కావలసిన ప్రశ్న ఒకటి తప్పయితే మొత్తం మీద తేడా 5 మార్కులు. ఆ లెక్కన 40 మార్కులు తగ్గడమంటే 180 ప్రశ్నల్లో ఎనిమిది అటుదిటు కావడం. ఫిజిక్స్‌లో రెండు లెక్కల దగ్గర చిక్కుకుని పది నిమిషాలు పోయినా, చివర్లో గబగబా ఓఎంఆర్ దిద్దుతూ ఒక వరుస కిందికి జరిగినా ఎనిమిది ప్రశ్నలు పోతాయి. పైగా రెండు గ్రాండ్ టెస్ట్‌ల పేపర్లు ఒకే కష్టంతో ఉండవు. ఒకటి తేలిగ్గా ఇస్తారు, ఇంకోటి కావాలనే బిగించి ఇస్తారు. ఈ వివరాలేవీ ఇంటికొచ్చే మెసేజ్‌లో ఉండవు. పేరు, మార్కులు, క్యాంపస్ ర్యాంకు, అంతే. నాన్నకు 40 మార్కులు కొండంతగా కనిపించడంలో ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ ఎనిమిది ప్రశ్నలు ఏవో అమ్మలుకు తెలుసు, ఆ రాత్రే వాటిని ఎర్రర్ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని కూడా ఉంటుంది. ఆమెకు తెలిసిన దాన్నే, ఆమె కన్నా తక్కువ వివరంతో, ఆందోళన కలిపి తిరిగి పంపిస్తే ఉపయోగం ఏముంది?

పెదనాన్న కొడుకు 610 ఇంకా చిత్రమైన లెక్క. ఆ అబ్బాయి రాసింది 2024లో. ఆ ఏడాది సవరించిన ఫలితాల్లో కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 610 వచ్చినవాళ్లకు ముందు దేశంలో పదుల వేల మంది ఉన్నారు. మరుసటి ఏడాది 2025లో ఫిజిక్స్ పేపర్ ఎంత కఠినంగా వచ్చిందంటే దేశం మొత్తంలో మొదటి ర్యాంకు వచ్చినవారికే 686 మార్కులు. ఆ ఏడాది 610 వచ్చి ఉంటే మొదటి రెండు వేల ర్యాంకుల్లో ఉన్నట్టు. జనరల్ విభాగంలో అర్హత మార్కు కూడా 2024లో 162 ఉంటే 2025లో 144కు దిగింది. అందువల్ల ఒక ఏడాది మార్కును ఇంకో ఏడాది మార్కు పక్కన పెట్టి చూడటంలో అర్థం లేదు. ఈ సంగతి నీట్ రాసే ప్రతి పిల్లకూ తెలుసు, ఇంట్లో పెద్దవాళ్లకు తెలియదు. 'అన్నయ్యకు 610 వచ్చాయి' అన్న మాట చదివినప్పుడు అమ్మలుకు నాన్న నమ్మకం కనిపించదు. పండక్కి ఇంటికెళ్తే పెదనాన్న వాళ్ల హాల్లో జరగబోయే సంభాషణ కనిపిస్తుంది.

'కష్టపడితే సీటు తప్పకుండా వస్తుంది' అనే మాట మనకు ఊతపదం లాంటిది. దీని వెనక ఉన్న అంకెలు చూడండి. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. అర్హత సాధించినవాళ్లు 12 లక్షల పైచిలుకు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలన్నీ కలిపితే సుమారు 1.2 లక్షలు. అర్హత వచ్చినంత మాత్రాన సీటు రాదు. ప్రైవేటు సీటు వచ్చినా ఫీజు అందరికీ అందుబాటులో ఉండదు. కష్టపడకుండా సీటు రాదన్నది నిజం. కష్టపడ్డ ప్రతి ఒక్కరికీ వస్తుందన్నది నిజం కాదు, అలా రావడానికి సీట్లు లేవు. ఈ వాక్యాన్ని నమ్మిన పిల్ల రేపు సీటు రాకపోతే ఏమనుకోవాలి? తాను కష్టపడలేదనే అనుకోవాలి. ఏడాది పొడవునా ఉదయం ఆరింటికి లేచి చదివిన పిల్ల చేత, నువ్వు చదవలేదని తనకు తానే చెప్పుకునేలా చేసే వాక్యం ఇది. అంతా బాగున్నప్పుడు ఇది ఉత్సాహంగానే వినిపిస్తుంది. మార్కులు తగ్గిన వారం మాత్రం నేరారోపణలా ఉంటుంది.

డబ్బు వాక్యం గురించి నేను చెప్పబోతుండగానే ఆయన తల పట్టుకున్నారు. "ఆలోచించొద్దనే కదా రాశాను!" అన్నారు. నిజమే. కానీ పొలం మీద అప్పు తెచ్చారని అమ్మలుకు ఈ ఉత్తరం వచ్చేదాకా తెలియదు. లాంగ్‌టర్మ్ ఫీజు, హాస్టల్, మెటీరియల్ అన్నీ కలిపి లక్షల్లో అవుతుందని పిల్లలకు తెలుసు. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పెద్దవాళ్లే ఇలా చెబుతారు, ఆలోచించవద్దంటూనే. ఆ క్షణం నుంచి ప్రతి తప్పు జవాబుకూ ఒక ధర ఉంటుంది. పరీక్ష హాల్లో లెక్క చేస్తూ ఉండగా మనసులో ఇంకో లెక్క నడుస్తుంటే, లెక్క చేయడానికి కావలసిన చోటు తగ్గిపోతుంది. ఆందోళన మనిషి పనిచేసే జ్ఞాపకశక్తిని ఆక్రమించుకుంటుందని, తెలిసిన లెక్క కూడా అప్పుడు తప్పు పోతుందని పరీక్షల భయం మీద పనిచేసిన మనస్తత్వవేత్తలు చెబుతున్నది ఇదే. నీట్‌లో మొదట దెబ్బతినేది ఫిజిక్స్. గుర్తుంచుకున్నది రాసే ప్రశ్నల కన్నా, మూడు నాలుగు మెట్లు మనసులో పెట్టుకుని చేయాల్సిన ప్రశ్నలు అందులోనే ఎక్కువ.

'మా ఆశలన్నీ నీ మీదే' అన్నాక 'ఒత్తిడి పెట్టుకోకు' అనడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒత్తిడి పెట్టుకోవద్దని చెప్పడం కూడా ఆ పిల్ల చేయాల్సిన ఇంకో పని అవుతుంది. అది చేయలేకపోతే అందులోనూ ఓడినట్టే.

ఇజ్రాయెల్‌కు చెందిన అవి ఆసర్, గై రాత్, అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ డెసి అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. తాము బాగా చేసినప్పుడే అమ్మానాన్నల ప్రేమ ఎక్కువగా దొరికేదని భావించే యువతను వాళ్లు ప్రశ్నించి చూశారు. అలాంటివాళ్లు కష్టపడేవారు. కానీ లోపలి నుంచి ఎవరో తరుముతున్నట్టు కష్టపడేవారు. గెలిచిన ఆనందం కొద్దిసేపే నిలిచేది. ఓడితే సిగ్గుతో కుంగిపోయేవారు. తల్లిదండ్రుల మీద లోపల్లోపల కోపమూ ఉండేది. ఇవి వాళ్లు స్వయంగా చెప్పుకున్న మాటల ఆధారంగా తేల్చినవి కనుక ప్రతి ఇంటికీ ఇలాగే అన్వయిస్తాయని అనలేం. కానీ ఒకటి గమనించాలి. అక్కడ లెక్కలోకి వచ్చింది తల్లిదండ్రులు నిజంగా షరతు పెట్టారా లేదా అన్నది కాదు, పిల్లలకు అలా అనిపించిందా అన్నది. ఒంగోలు నాన్నకు కూతురి మీద ఏ షరతూ లేదు. ఆయన ఉత్తరంలో ఇంటి కబురు ఒక్కటీ లేకుండా మార్కులతో మొదలై ఆశలతో ముగిస్తే, చదివేవాళ్లకు షరతు ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇద్దరం కూర్చుని దాన్ని తిరగరాశాం. మొదట ఆయన్ను ఒక్కటే అడిగాను, ఈ ఉత్తరం చదివాక అమ్మలు ఏం చేయాలని మీ కోరిక? ఆయన చాలాసేపు ఆలోచించి, "ఏం చెయ్యక్కర్లేదు మాస్టారూ, కాస్త నిద్రపోతే చాలు" అన్నారు. అదే పట్టుకుని రాశాం. ఆయన మాటలే, నేను సర్దింది కొంచెం.

"చి. అమ్మలుకు నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం.

మన గేదె ఈనింది. దూడ నల్లగా, నుదుటి మీద తెల్ల మచ్చతో ఉంది. నువ్వొచ్చేదాకా పేరు పెట్టకూడదని తమ్ముడు పట్టుబట్టాడు. వాడు సైకిల్ గొలుసు తెంపుకుని వచ్చి, అక్క ఉంటే వేసేదని రెండు రోజులు అలాగే నడిపించుకుంటూ తిరిగాడు. ఈసారి శనగ బాగానే ఉంది, షాపులో కూడా పని ఎక్కువగా ఉంది. అమ్మ గోంగూర పచ్చడి పెట్టింది, నీకు నచ్చినట్టు ఎండుమిర్చి తగ్గించి.

గ్రాండ్ టెస్ట్ మార్కులు మెసేజ్‌లో చూశాం. వాటి గురించి నిన్నేమీ అడగం. ఆ పేపర్ ఎలా ఉందో, ఎక్కడ పోయాయో నీకే బాగా తెలుస్తుంది. నీకు చెప్పుకోవాలనిపిస్తే ఆదివారం ఫోన్‌లో చెప్పు, వింటాను. లేకపోతే దూడ కబుర్లు చెప్పుకుందాం.

ఈ ఏడాది ఫీజంతా కట్టేశాం. ఇంటి లెక్కలు నేనూ అమ్మా చూసుకుంటాం, అది మా పని.

సంక్రాంతికి వచ్చినప్పుడు మనం మాట్లాడుకున్నది నాకు గుర్తుంది. ఎంబీబీఎస్ వస్తే వెళ్తానన్నావు. రాకపోతే బీడీఎస్ ఇష్టం లేదు, బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతానన్నావు, దానికి ఈఏపీసెట్ కూడా రాస్తానన్నావు. నాకూ అమ్మకూ రెండూ సమ్మతమే. మూడోసారి నీట్ రాయాలా వద్దా అన్నది అప్పుడు నువ్వే చెప్దువుగాని. ఇంట్లో ఈ మాట తేలిపోయింది. చుట్టాలెవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను.

ఈ ఉత్తరానికి జవాబు రాయక్కర్లేదు. ఆ టైములో పడుకో.

మీ నాన్న."

ఇందులో స్ఫూర్తి కలిగించే వాక్యం ఒక్కటీ లేదు. కావాలనే లేదు. డబ్బు గురించి ఉన్నది నిజమే, కట్టేశారు కూడా. ఎక్కడి నుంచి తెచ్చారన్నది మాత్రం పరీక్షలయ్యాక ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. చుట్టాల మాట ఎత్తింది వాళ్లను తన భుజాల మీదికి తీసుకోవడానికి, పోలిక చెప్పడానికి కాదు. మార్కులు చూడలేదని బుకాయించలేదు. అలా బుకాయిస్తే పిల్లలు పట్టేస్తారు, ఆ తర్వాత మంచిమాటను కూడా నమ్మరు.

ఒక వాక్యం దగ్గర మాత్రం మా ఇద్దరికీ కాసేపు వాదన జరిగింది. చిన్నప్పుడు తాతయ్యకు బీపీ మిషన్ పెట్టి చూసేదానివి, అప్పుడే డాక్టరమ్మవైపోయావు అని రాద్దామన్నారు ఆయన. ఆ జ్ఞాపకం ఆయనకు ఎంత ఇష్టమో ఆ గొంతులోనే తెలిసింది. అయినా తీసేయమన్నాను. ఆ తీపి గుర్తు కూడా చివరికి సీటు దగ్గరికే దారి తీస్తుంది, సీటు రాకపోతే ఆ గుర్తు కూడా చేదవుతుంది. దాని బదులు సైకిల్ గొలుసు పెట్టాం. మెడిసిన్‌తో సంబంధం లేని అమ్మలు ఒకతి ఇంట్లో ఉందని, ఆమె కోసం ఒకడు సైకిల్ నడిపించుకుంటూ తిరుగుతున్నాడని అది చెబుతుంది. పిల్లల గొప్పతనం గురించి రాయాలనుకునే తల్లిదండ్రులకు నేనిచ్చే సలహా ఇదే. పరీక్షకు ఏమాత్రం సంబంధం లేని ఒక చిన్న సంగతి వెతకండి, కళ్లకు కట్టేట్టు రాయండి.

రెండో దారి గురించి రాసిన భాగం విషయంలో సమయం ముఖ్యం. సంక్రాంతికే మాట్లాడుకున్నారు కనుక అది గుర్తుచేయడం ఊరటనిచ్చింది. బీడీఎస్, ఆయుర్వేదం, హోమియోపతి నీట్ ర్యాంకుతోనే వస్తాయి. వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు మన రాష్ట్రాల్లో ఈఏపీసెట్ ఉంది. ఇవన్నీ జనవరి లోపు ఇంట్లో నింపాదిగా కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతులు. ఏడాదంతా డాక్టరే కావాలని కూర్చుని, పరీక్షకు వారం ముందు హఠాత్తుగా 'ఏమొచ్చినా పర్లేదమ్మా' అని రాస్తే పిల్లలకు అది వేరేగా వినిపిస్తుంది. ఇంట్లో నా మీద ఆశ వదులుకున్నారు అనుకుంటారు. సంక్రాంతికి మాట్లాడకపోయి ఉంటే, ఆఖరి వారం ఉత్తరంలో ఆ ఊసు ఎత్తకుండా ఇంటి కబుర్లతో ఆపేయడమే మేలు.

'జవాబు రాయక్కర్లేదు' అన్న వాక్యానికి వెనక ఒక కథ ఉంది. జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. తీవ్రమైన నిరాశతోనో ఆత్మహత్యా ప్రయత్నం చేసో ఆసుపత్రిలో చేరి, బయటికి వచ్చాక చికిత్స కొనసాగించడానికి ఇష్టపడని 843 మందిని రెండు భాగాలు చేశాడు. ఒక భాగానికి ఐదేళ్ల పాటు అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు వెళ్లేవి. నాలుగు వాక్యాలు కూడా ఉండేవి కావు. మీరు గుర్తొచ్చారు, బాగున్నారని తలుస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. మందులు వేసుకుంటున్నారా, ఎప్పుడొస్తారు వంటి ప్రశ్నలేమీ లేవు. రెండో భాగానికి ఏమీ పంపలేదు. ఉత్తరాలు అందుకున్నవారిలో మొదటి రెండేళ్లలో ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయని తేలింది. హాస్టల్లో చదివే పిల్లలు ఆ రోగుల లాంటివారని నేను అనడం లేదు, ఆ ఫలితాన్ని నేరుగా ఇక్కడికి తెచ్చి అతికించనూ కూడదు. నన్ను ఆకట్టుకుంది ఆ ఉత్తరాలు రాసిన తీరు. ఎదుటి మనిషి నుంచి ఏమీ అడగకుండా, ఉన్నావని మాకు గుర్తుంది అని మాత్రం చెప్పి ఊరుకోవడం. ఉత్తరం చదివి తిరిగి ఏదో చేసి చూపించాల్సిన పని లేకపోవడమే దాని బలం.

ఎప్పుడు ఇవ్వాలన్నదీ చూసుకోవాలి. టెస్ట్ మార్కులు వచ్చిన రోజే రాసి పంపకండి. ఆ రోజు రాసినదాంట్లో మీ ఆందోళన దాగదు. రెండు మూడు రోజులాగి రాస్తే మీకే కొన్ని వాక్యాలు తీసేయాలనిపిస్తుంది. నెలకొకటి చాలు. పరీక్షకు ముందు రెండు మూడు రోజుల్లో పెద్ద ఉత్తరాలేమీ వద్దు, భావోద్వేగంతో నిండినవి అసలే వద్దు. క్యాంపస్ చిరునామాకు పోస్టులో పంపితే ఆఫీసులో తెరిచి చూసే అవకాశం ఉంటుంది కనుక ఇంటి రహస్యాలు రాయకండి. రాయడం అలవాటు లేని తల్లులు చెబుతుంటే చిన్నపిల్లలు రాసిపెట్టొచ్చు. అలా వచ్చిన ఉత్తరాల్లో అమ్మ మాట తీరు చెడకుండా ఉంటుంది, నేను చూసిన మంచి ఉత్తరాల్లో కొన్ని అలాంటివే.

ఉత్తరం ఎంత బాగా రాసినా, దానితో కాని పనులున్నాయి. ఫోన్‌లో గొంతు మారిపోయి పొడిపొడిగా మాట్లాడుతుంటే, తిండి నిద్ర తగ్గిపోయాయని రూమ్మేట్లు చెబుతుంటే, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, నావల్ల మీకు భారం అనో నేను లేకపోతే మీకు హాయి అనో అంటుంటే అప్పుడు కాగితం కలం పక్కన పెట్టి బస్సెక్కాలి. ఆ రోజే క్యాంపస్‌కు వెళ్లి పిల్లను కళ్లారా చూడాలి. అవసరమైతే ఇంటికి తీసుకురావాలి, సైకియాట్రిస్టుకు చూపించాలి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం ఉంది. 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, ఏం చేయాలో తెలియని తల్లిదండ్రులూ చేయవచ్చు. ఆ నంబరును సంవత్సరం మొదట్లోనే, ఏ గొడవా లేనప్పుడే, పిల్లల పుస్తకం అట్ట లోపల రాసి ఇవ్వండి.

2025 జూలైలో సుప్రీంకోర్టు ఈ విషయంలోనే గట్టి తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఓ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసు అది. దేశవ్యాప్తంగా విద్యాసంస్థలు, కోచింగ్ కేంద్రాలు పాటించాల్సిన మార్గదర్శకాలను కోర్టు అందులో చెప్పింది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయవద్దని, అందరి ముందూ అవమానించవద్దని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టవద్దని, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పెట్టాలని అంది. అవుటింగ్‌కు వెళ్లినప్పుడు మీ పిల్లల క్యాంపస్‌లో కౌన్సెలర్ ఎవరో, ఎప్పుడు కలవవచ్చో అడగండి. పేరు చెప్పలేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి అడగండి. అలాగే ఆ తీర్పులో సంస్థలకు వద్దన్న పనులు ఇంట్లో మనమూ చేస్తున్నామేమో చూసుకోవాలి. చుట్టాల ముందు మార్కులు చెప్పి పోల్చడం, 650 దాటాలని ఉత్తరంలో అంకె రాసి పంపడం ఆ కోవలోవే.

అమ్మలు ఉత్తరానికి జవాబు రాయలేదు. రాయక్కర్లేదన్నారు కదా, రాయలేదు. ఆదివారం ఫోన్ చేసి దూడకు పేరేం పెట్టాలో చెప్పింది. గోంగూర రూమ్‌లో నలుగురూ కలిసి మూడు రోజుల్లో లేపేశారట, ఈసారి పెద్ద సీసా పంపమంది. తర్వాత తనంతట తానే, రొటేషనల్ మోషన్ చాప్టర్‌లోనే ఐదు ప్రశ్నలు పోయాయని, దాన్ని మొదటి నుంచి మళ్లీ చదువుతున్నానని చెప్పింది. "ఉత్తరం చదివావా? ఎలా ఉంది?" అని అడగకుండా ఉండటం చాలా కష్టమైందని ఆయన నాతో అన్నారు.

ఇప్పుడాయన ఇంకో ఉత్తరం రాసి బీరువాలో పెట్టుకున్నారు. నేనే రాయమన్నాను. అది ఫలితాలొచ్చిన రోజు ఇవ్వడానికి. మార్కులు తెలిశాక రాస్తే ఏ తండ్రి చేతి రాతలోనైనా ఆ అంకె కనబడుతుంది. ముందే రాసి తేదీ వేసి పెడితే, ఇది ఫలితం చూసి అన్న మాట కాదని పిల్లలకు రుజువు ఉంటుంది. అందులో నాలుగే వాక్యాలున్నాయి. "ఇది నీ పరీక్షకు నెల ముందు రాస్తున్నాను. ఎంతొచ్చిందో నాకు తెలియదు. ఈ వారం ఎవరి ఫోనూ నువ్వు ఎత్తక్కర్లేదు, నేను మాట్లాడతాను. రాష్ట్ర ర్యాంకుల జాబితా, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు అన్నీ తేలడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది కాబట్టి, ఈ రోజే ఏదీ నిర్ణయించుకోవద్దు, అన్నం తిందాం రా."